లూపు వెనక్కి తిరిగిన కథ

టీషర్టు సాగుతుంది, చొక్కా సాగదు. రెండూ నూలే, తేడా పోగు నడిచిన దారిలో ఉంది. నేతబట్టలో పడుగూ పేకా దాదాపు తిన్నగా సాగుతూ ఒకదాన్నొకటి దాటుకుంటాయి. లాగితే ఇవ్వడానికి వాటి దగ్గర మిగులు నూలు పెద్దగా ఉండదు. అల్లికబట్టలో ఒకే పోగు వంపులు తిరుగుతూ పోతుంది, కింది వరుస లూపులోంచి పై వరుస లూపు దూరి వస్తుంది. పక్కకు లాగినప్పుడు లూపు కాళ్లలోని నూలు జారి వెడల్పుకు చేరుతుంది. వదిలేస్తే లూపు మళ్లీ తన ఆకారానికి రావాలని చూస్తుంది. జెర్సీ, రిబ్, ఇంటర్‌లాక్ అని మనం వినే పేర్ల వెనక ఉన్నది ఒకే ప్రశ్న: ఆ లూపు కింది లూపులోంచి ముందుకు వచ్చిందా, వెనక్కి పోయిందా?

అన్నీ ముందుకే వస్తే జెర్సీ. ఇంట్లో ఉన్న మామూలు టీషర్టు తీసి దగ్గరగా చూడండి. పైవైపు ఇంగ్లిష్ అక్షరం 'వీ' ఆకారాలు నిలువు వరుసల్లో ఒకదానిపై ఒకటి పేర్చినట్టు కనిపిస్తాయి. లోపలివైపు చిన్న చిన్న అర్ధచంద్రాలు అడ్డంగా వరుస కట్టి ఉంటాయి. ఈ బట్ట నిలువు కంటే అడ్డంగా సుమారు రెండింతలు సాగుతుంది. పేరు ఇంగ్లిష్ చానల్‌లోని జెర్సీ దీవి నుంచి వచ్చింది. ఊలు మేజోళ్ల అల్లిక అక్కడ ఎంత ముదిరిందంటే, కోతల కాలంలో పొలాలకు మనుషులు దొరక్క, పదిహేనేళ్లు దాటినవాళ్లు ఆ రోజుల్లో అల్లిక ముట్టకూడదని 1608లో శాసనం చేశారు.

అప్పటికే యంత్రం పుట్టింది. 1589లో ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్ దగ్గరి కాల్వర్టన్ గ్రామానికి చెందిన విలియం లీ మేజోళ్ల మగ్గం తయారుచేశాడు. చేతితో ఒక్కో లూపూ వేసుకుంటూ పోయే పనిని, వరుసగా అమర్చిన కొక్కెపు సూదులతో ఒక వరుస మొత్తం ఒకేసారి జరిగేలా మార్చాడు. సొంత దేశంలో ఆదరణ దొరక్క ఫ్రాన్స్‌కు వెళ్లి, అక్కడే కన్నుమూశాడు. అతని మగ్గానికి ఒక పరిమితి ఉంది. సూదులన్నీ ఒకే వైపు పడుకుని ఉంటాయి కాబట్టి లూపులన్నీ ఒకే వైపుకు వస్తాయి. అంటే అది జెర్సీ తప్ప మరొకటి అల్లలేదు.

జెర్సీ లోపం తెలుసుకోవాలంటే పాత టీషర్టు నుంచి జానెడు చదరపు ముక్క కత్తిరించి బల్ల మీద పెట్టండి. పక్క అంచులు లోపలివైపుకు, పైకిందా అంచులు పైవైపుకు చుట్టుకుంటాయి. లూపులన్నీ ఒకే దిక్కుకు వంగి ఉన్నాయి, వంగిన పోగు తిన్నబడాలని చూస్తుంది, దాన్ని అడ్డుకునే ఎదురు బలం ఆ బట్టలో లేదు. నాలుగు ఉతుకులకు టీషర్టు పక్క కుట్టు పొట్ట మీదికి తిరిగిపోవడం కూడా ఈ అసమతూకం వల్లనే. నూలు వడికేటప్పుడు పడ్డ మెలి నీళ్లలో విప్పుకోబోయి, లూపులన్నిటినీ ఒకే పక్కకు వాలుస్తుంది.

ఈ లోపానికి మందు చేతి అల్లికకు ముందే తెలుసు. 1562లో పీసాలో మరణించిన ఎలియనోరా ఆఫ్ టొలీడో అనే ప్రభువు భార్య సమాధిలో దొరికిన పట్టు మేజోళ్లలో లూపును వెనక్కి లాగిన పర్ల్ కుట్లు ఉన్నాయి. ఒక నిలువు వరుస ముందుకు, పక్క వరుస వెనక్కి, అలా మార్చి మార్చి అల్లితే అది రిబ్. కానీ యంత్రానికి ఆ విద్య అబ్బడానికి లీ తర్వాత దాదాపు నూట డెబ్భై ఏళ్లు పట్టింది.

ఆ పని చేసినవాడు జెడిడయా స్ట్రట్. డెర్బీషైర్‌లో బండిచక్రాల పని నేర్చి వ్యవసాయం చేసుకుంటున్న మనిషి. మేజోళ్ల వ్యాపారంలో ఉన్న బావమరిది విలియం వూలట్ ఈ చిక్కు అతని ముందు పెట్టాడు. స్ట్రట్ చేసినదానిలో నాకు నచ్చేది, లీ మగ్గాన్ని అతను విప్పి మార్చకపోవడం. దాని ముందు మరో చట్రం బిగించాడు. అందులో సూదులు నిలువుగా ఉంటాయి, పడుకున్న సూదుల మధ్య సందుల్లోంచి పైకి లేస్తాయి. పాత సూదులు లూపును ఒక వైపుకు లాగితే కొత్త సూదులు పక్క లూపును ఎదురు వైపుకు లాగుతాయి. 1758, 1759లలో పేటెంట్లు వచ్చాయి. 'డెర్బీ రిబ్' పేరుతో ఆ మేజోళ్లు పేరు తెచ్చుకున్నాయి. ఇదే స్ట్రట్ తర్వాత ఆర్క్‌రైట్‌తో కలిసి నూలు మిల్లులు పెట్టాడు.

రిబ్‌లో వెనక్కి పోయిన వరుసలు ముందున్న వరుసల చాటున దాక్కుంటాయి. అందుకే బట్ట రెండు వైపులా ఒకేలా, గీతలు గీతలుగా ఉంటుంది. యంత్రం మీద ఉన్న వెడల్పు నుంచి కిందికి దిగాక సుమారు 30 శాతం ముడుచుకుంటుంది. లాగినప్పుడు ముందు ఆ మడత విచ్చుకుంటుంది, తర్వాతే లూపు సాగుతుంది. టీషర్టు మెడపట్టీని చాపి చూస్తే గీతల మధ్య దాగిన వరుసలు బయటపడతాయి. రెండు దిక్కుల బలాలూ సరిపోవడంతో అంచు చుట్టుకోదు. అచ్చం నూలు రిబ్‌కు తిరిగి ముడుచుకునే శక్తి తొందరగా తగ్గుతుంది. మెడపట్టీలు జారిపోవడం దానివల్లే, అందుకే ఇప్పుడు కాస్త లైక్రా కలుపుతున్నారు.

కేబుల్ అల్లిక దారి వేరు. అక్కడ లూపు వెనక్కి తిరగదు, పక్కనున్నవాటితో చోటు మార్చుకుంటుంది. ఆరు కుట్ల కేబుల్‌కు మొదటి మూడింటిని విడి సూది మీదికి తీసి ముందు వేలాడదీస్తారు, తర్వాతి మూడూ అల్లి, ఆపైన ఆగినవాటిని అల్లుతారు. ముందు ఆపితే మెలిక ఎడమకు, వెనక ఆపితే కుడికి వాలుతుంది. కొన్ని వరుసలకోసారి ఇలా దాటిస్తే జడ అల్లినట్టు ఉబ్బెత్తుగా లేస్తుంది. దాటిన చోట పోగు బిగుస్తుంది కాబట్టి బట్ట వెడల్పు తగ్గుతుంది, రిబ్‌లా సాగదు. అందుకే కేబుల్ స్వెట్టర్‌కు మొదట్లోనే కుట్లు ఎక్కువ ఎత్తుకోవాలి. ఐర్లండ్ ఆరన్ దీవుల కేబుళ్లు ప్రాచీన వంశ చిహ్నాలనీ, మునిగిన జాలరిని వాటితో గుర్తుపట్టేవారనీ చెప్పే కథకు ఆధారం లేదు. ఆ స్వెట్టర్ ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లది. ఐరిష్ నాటకకర్త సింజ్ 1904 నాటి నాటకంలో మునిగినవాణ్ని గుర్తుపట్టింది మేజోడులో జారిన కుట్లను బట్టి, కేబుల్‌ను బట్టి కాదు.

స్ట్రట్ పనికి అసలైన కొనసాగింపు ఇంటర్‌లాక్. అమెరికాలో స్కాట్ అండ్ విలియమ్స్ సంస్థకు 1908లో దీని పేటెంట్ దక్కింది. గుండ్రటి రిబ్ యంత్రంలో నిలువు సూదుల సందుల్లో పడుకున్న సూదులు ఉంటాయి. ఇంటర్‌లాక్‌లో అవి ఒకదానికొకటి ఎదురెదురుగానే ఉంటాయి. అన్నీ ఒకేసారి కదిలితే ఢీకొంటాయి. అందుకని పొడవు, పొట్టి అని రెండు రకాల సూదులు పెట్టి, ఒక పోగుకు పొడవువీ తర్వాతి పోగుకు పొట్టివీ కదిలిస్తారు. రెండు రిబ్‌లు ఒకదానిలో ఒకటి చిక్కుకుని తయారవుతాయి. ఒకదాని సందును రెండోది నింపేస్తుంది కాబట్టి ముడుచుకునే చోటు మిగలదు. ఫలితంగా రెండు వైపులా జెర్సీ ముఖంలాంటి నునుపు, ఎంత లాగినా తెరుచుకోని వరుసలు, చుట్టుకోని అంచు. సాగుడు రిబ్ కంటే బాగా తక్కువ. ఒక పూర్తి వరుసకు రెండు పోగులు కావాలి కాబట్టి నూలూ సమయమూ ఎక్కువ పడతాయి, ధర అక్కడే పెరుగుతుంది.

పసిపిల్లల బట్టలు కొనేటప్పుడు తిరగేసి చూడండి. లోపల అర్ధచంద్రాలు కనిపిస్తే జెర్సీ, లాగినప్పుడు గీతల మధ్య వరుసలు విచ్చుకుంటే రిబ్. రెండు వైపులా ఒకే నునుపుంటే ఇంటర్‌లాక్. లోపలివైపు కూడా మెత్తగా ఉండి, ఉతికినా పక్కకు తిరగని బట్ట కావాలంటే, నాలుగు రూపాయలు ఎక్కువైనా ఆ మూడోదే తీసుకోండి.