04/05 అంటే ఏప్రిలా, మేనా?

ఈరోజు ఎపిసోడ్ నా తప్పుతోనే మొదలుపెడతాను.

2022 మార్చి 28. అప్పుడు నేనింకా సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలోనే ఉన్నాను. అమెరికాలో ఉండే మా టీమ్ మెంబర్‌కి ఒక మెయిల్ పెట్టాను: పాత సర్వర్‌ని 04/05/2022న ఆపేయండి అని. నా లెక్కలో అది మే 4. ఆయన ఏప్రిల్ 5 అని చదువుకుని ఆ రోజే ఆపేశారు. అప్పటికి సగం డేటా కూడా కొత్త సర్వర్‌లోకి రాలేదు. ఆ రాత్రంతా బిల్లింగ్ ఆగిపోయింది. తీరా మెయిల్ తీసి చూస్తే, ఎవరి లెక్కలో వాళ్లం కరెక్టే!

అసలు ఈ తేడా ఎక్కడిది? 18వ శతాబ్దంలో ఇంగ్లిష్‌లో తేదీని రెండు రకాలుగానూ రాసేవాళ్లు. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన పైన "జులై 4, 1776" అనే ఉంటుంది, అంటే నెలే ముందు. తర్వాత్తర్వాత బ్రిటన్‌లో రోజు ముందు రాయడం స్థిరపడింది. అమెరికా పాత అలవాటునే ఉంచుకుంది. మన ఆఫీసు రాతలు బ్రిటిష్ వాళ్ల దగ్గర నుంచి వచ్చినవి కాబట్టి మనం 15/08 అని రాస్తాం. తమాషా ఏంటంటే, నోటితో మాత్రం మనమూ "ఆగస్టు పదిహేను" అనే అంటాం. వాళ్లేమో తమ పండగని "ఫోర్త్ ఆఫ్ జులై" అంటారు!

రోజు 12 దాటితే గొడవ లేదు, 13వ నెల లేదు కదా. చిక్కంతా ప్రతి నెలా మొదటి 12 రోజుల్లోనే. 12 నెలలకి 144 రోజులు. 05/05 లాంటివి 12 తీసేస్తే, ఏడాదిలో 132 తేదీలు రెండు రకాలుగా చదవొచ్చు.

ఎక్సెల్‌లో ఇంకా ప్రమాదం. అమెరికా సెట్టింగ్ ఉంటే 04/05/2022ని చప్పుడు చేయకుండా ఏప్రిల్ 5 చేసేస్తుంది. 13/05/2022ని తేదీగా గుర్తించక, మామూలు టెక్స్ట్‌లా ఎడమవైపు వదిలేస్తుంది. ఒకే కాలమ్‌లో కొన్ని తేదీలు ఎడమకి, కొన్ని కుడికి కనిపిస్తే, కుడివైపువి కూడా తప్పై ఉండొచ్చని అనుమానించండి.

దీనికి 1988లో వచ్చిన ప్రమాణం ఐఎస్ఓ 8601. సంవత్సరం, నెల, రోజు: 2022-05-04. ఇది మనకి కొత్తేమీ కాదు. "1947 ఆగస్టు 15" అని తెలుగు పుస్తకాల్లో ఉండే వరసే ఇది! ఫైళ్ల పేర్లకి ముందు ఇలా పెడితే, పేరు ప్రకారం సర్ట్ చేసినా తేదీల వరసలోనే వస్తాయి.

మనుషులకి రాసే మెయిల్‌లో మాత్రం నేను నెల పేరు, వారం పేరు కలిపి రాస్తాను:

```
Wed, 4 May 2022
```

ఎక్కడైనా అంకె తప్పు పడితే చాలాసార్లు వారం కుదరదు, చదివేవాళ్లు వెంటనే అడుగుతారు. ఆ రోజు నేను Wed అని ఒక్క మాట రాసి ఉంటే చాలు. ఏప్రిల్ 5 మంగళవారం.

ఒక్కటి గుర్తుంచుకోండి, తేదీ ఒక్కటే సరిపోదు. హైదరాబాద్‌లో మే 4 ఉదయం 8 గంటలంటే న్యూయార్క్‌లో ఇంకా మే 3 రాత్రి పదిన్నరే. అందుకే ఎవరి టైమో కూడా రాయండి.

ఉంటానండీ, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.