70 సూత్రం: రెట్టింపు కావడానికి ఎన్నేళ్లు?

ఏటా ఒకే రేటుతో పెరిగే మొత్తం ఎన్నేళ్లలో రెట్టింపవుతుందో తెలియాలంటే 70ని ఆ వృద్ధి శాతంతో భాగిస్తే చాలు. దీన్నే 70 సూత్రం అంటారు. పెరిగినదానిపై మళ్లీ పెరుగుదల చేరే చక్రవృద్ధికే ఇది వర్తిస్తుంది. 2 యొక్క సహజ సంవర్గమానం దాదాపు 0.693. శాతాల్లో చెబితే 69.3. భాగించడం సులువు కాబట్టి దాన్ని 70గా తీసుకుంటారు.

1950 నుంచి 1980 వరకు భారత జీడీపీ ఏటా సగటున సుమారు 3.5 శాతం పెరిగింది. ఆర్థికవేత్త రాజ్ కృష్ణ ‘హిందూ వృద్ధిరేటు’ అన్నది దీన్నే. ఈ వేగంతో జీడీపీ 20 ఏళ్లలో రెట్టింపవుతుంది. అయితే అప్పట్లో జనాభా కూడా ఏటా దాదాపు 2.1 శాతం పెరిగింది. అది తీసేస్తే తలసరి వృద్ధి 1.4 శాతమే. అంటే తలసరి ఆదాయం రెట్టింపు కావడానికి 50 ఏళ్లు పడుతుంది. అదే తలసరి వృద్ధి 5 శాతం ఉంటే 14 ఏళ్లు చాలు.

పొదుపు విషయంలో జనాభా స్థానంలో ధరల పెరుగుదల ఉంటుంది. 7 శాతం చక్రవడ్డీకి వేసిన లక్ష రూపాయలు పదేళ్లకు సుమారు రూ.1.97 లక్షలవుతాయి. కానీ ద్రవ్యోల్బణం 5 శాతం ఉంటే నిజమైన రాబడి 2 శాతమే. ఆ సొమ్ముకు కొనుగోలు శక్తి రెట్టింపు కావాలంటే సుమారు 35 ఏళ్లు ఆగాలి. వడ్డీపై పన్ను కడితే ఇంకా ఎక్కువ.

రేటు పెరిగేకొద్దీ సూత్రం గురి తప్పుతుంది. 24 శాతం వడ్డీకి తెచ్చిన అప్పు 2.9 ఏళ్లలో రెట్టింపవుతుందని సూత్రం చెబుతుంది. ఏటా వడ్డీ కలిపితే నిజానికి పట్టేది 3.2 ఏళ్లు.