ఎయిర్ వాల్వు (నీటి పైపులైను)

పొడవైన నీటి పైపులైనులో ఎత్తైన చోట్ల చేరిన గాలిని బయటికి వదిలి, లైను ఖాళీ అవుతున్నప్పుడు గాలిని లోపలికి తీసుకునే పరికరం ఎయిర్ వాల్వు. కొండ ప్రాంతంలో దాన్ని ఎక్కడ పెట్టాలో నేలే చెబుతుంది. తెనాలి, బాపట్ల, రేపల్లె ఉన్న కృష్ణా పశ్చిమ డెల్టా నేల దాదాపు చదును. ఇక్కడ పైపుకు ఎత్తులు కల్పించేవి పంట కాలువలు, మురుగు కాలువలు. కాలువ దాటడానికి పైపు వంతెన పక్కన పైకి లేచి, అవతలి గట్టున మళ్లీ దిగుతుంది. గాలి చేరేది అక్కడే.

ఆ గాలి కొంత లైను నింపేటప్పుడు మిగిలిపోయింది, కొంత పంపు పీల్చుకున్నది. నీటిలో కరిగిన గాలి కూడా, ఘనపరిమాణంలో సుమారు 2 శాతం, ఒత్తిడి తగ్గిన చోట విడివడుతుంది. శిఖరం దగ్గర మొదలైన గాలి మూట దిగుడు వైపుకు సాగుతుంది. దాని కింద నీరు పైపు నిండా కాక, అడుగున పలచగా జారుతుంది. ఆ గాలి నిలువునా ఎంత ఎత్తు ఆక్రమిస్తే దాదాపు అంత ఒత్తిడి వృథా.

12 మీటర్ల ఎత్తు తేడాతో పంపు లేకుండా నీరు పారే లైను ఐదు కాలువలు దాటుతోందనుకుందాం. ప్రతిచోటా గాలి మీటరున్నర తింటే ఏడున్నర మీటర్లు పోయి, నాలుగున్నర మిగులుతుంది. ప్రవాహం ఇంచుమించు దీని వర్గమూలాన్ని బట్టి మారుతుంది కాబట్టి చివరికి అందేది మునుపటి నీటిలో 60 శాతమే. ఎక్కడా లీకు కనబడదు! అదే పంపింగ్ లైనయితే పంపు దగ్గర ప్రెషర్ గేజి పెరుగుతుంది, నీరు తగ్గుతుంది. కుళాయి బుసకొడుతూ పాలలాంటి నీరు వదులుతుంది. గ్లాసులో పట్టినప్పుడు ఆ తెలుపు అడుగు నుంచి పైకి విడిపోతే అది గాలే.

వాల్వులో తేలే బంతి ఉంటుంది. గాలి చేరి నీటిమట్టం తగ్గితే బంతి దిగి రంధ్రం తెరుచుకుంటుంది, నీరు రాగానే మూసుకుంటుంది. పెద్ద రంధ్రం లైను నింపడానికీ, ఖాళీ చేయడానికీ పనికొస్తుంది. లైను నడుస్తుండగా చేరే గాలిని వదిలేది చిన్న రంధ్రం. గాలిని తీసుకోవడం, వదలడం రెండూ కావాలంటే వాల్వు వ్యాసం పైపులో ఎనిమిదో వంతు ఉండాలన్నది మన దేశంలో వాడుకలో ఉన్న లెక్క. 400 మిల్లీమీటర్ల పైపుకు 50 మిల్లీమీటర్ల వాల్వు.

డెల్టాలో అసలు చిక్కు వాల్వు నేల కింది గుంతలో ఉన్నప్పుడు వస్తుంది. వానాకాలంలో ఆ గుంత నిండుతుంది. కరెంటు పోయి పంపు ఆగితే లైనులో శూన్యం ఏర్పడి, వాల్వు గాలికి బదులు ఆ మురికి నీటినే పీల్చుకుంటుంది. అందుకే ఇక్కడ వాల్వు నోరు వరద మట్టానికి పైన ఉండాలి. బంతి దగ్గర చెత్త చిక్కి నీరు కారుతోందని కింది స్లూయిజ్ వాల్వు కట్టేసి వదిలేయడం మరో దురలవాటు. అలా కట్టేస్తే అక్కడ ఎయిర్ వాల్వు లేనట్టే. బంతినీ, రబ్బరు సీటునూ శుభ్రం చేసి, అవసరమైతే మార్చి, స్లూయిజ్ వాల్వును మళ్లీ పూర్తిగా తెరవాలి.