ఏటా చచ్చి ఏటా తిరిగొచ్చే తెగులు: గోధుమ తుప్పు సిద్ధబీజాల ప్రయాణం, నిరోధక రకాలు, మందుల పరిమితులు

గోధుమకు మూడు రకాల తుప్పు తెగుళ్లు సోకుతాయి. కాండం మీద ముదురు ఇటుక రంగు పొక్కులుగా మొదలై చివరికి నల్లబడేది నల్ల తుప్పు. ఆకుల మీద చెదురుమదురుగా నారింజ–గోధుమ రంగు చుక్కలు పెట్టేది గోధుమ రంగు తుప్పు. ఈనెల వెంట పసుపు గీతలుగా సాగేది పసుపు తుప్పు. మూడూ పక్సీనియా ప్రజాతి శిలీంధ్రాలే. వీటితో పాటు చల్లని, తేమ గల ప్రాంతాల్లో బ్లుమేరియా అనే మరో శిలీంధ్రం బూడిద తెగులు తెస్తుంది. ఈ నాలుగూ బతికున్న మొక్క మీద మాత్రమే పెరుగుతాయి. పైరు కోసి, దుబ్బులు ఎండిపోతే వాటికి తిండి ఉండదు.

అసలు ప్రశ్న ఇక్కడే పుడుతుంది. గంగా మైదానంలో, మధ్య భారతంలో ఏప్రిల్ నాటికి గోధుమ కోత పూర్తవుతుంది. మే, జూన్ నెలల ఎండకు తుప్పు సిద్ధబీజాలు బతకవు. అయినా శీతాకాలంలో కొత్త పైరు మీద తెగులు మళ్లీ కనిపిస్తుంది. అది ఎక్కడి నుంచి వస్తోంది? ఈ ప్రశ్నకు దొరికిన జవాబే మన దేశంలో గోధుమ తుప్పు నివారణకు పునాది కావాలని, నిరోధక రకాల ఎంపిక కూడా అక్కడి నుంచే మొదలవ్వాలని ఈ వ్యాసం వాదన.

ఐరోపాలో, అమెరికాలో నల్ల తుప్పు కథలో బార్బెరీ పొదకు పెద్ద పాత్ర ఉంది. శిలీంధ్రం తన లైంగిక దశను ఆ పొద మీద గడిపి, వసంతంలో తిరిగి గోధుమ మీదికి వస్తుంది. అందుకే అమెరికాలో ఆ పొదలను పీకేయడానికి ఏళ్ల తరబడి ఉద్యమమే నడిపారు. హిమాలయాల్లోనూ బార్బెరీ జాతులున్నాయి కాబట్టి ఇక్కడా అంతేననుకోవడం సహజం. ఆగ్రా కాలేజీలో వృక్షశాస్త్ర ఆచార్యుడైన కరమ్ చంద్ మెహతా ఆ ఊహతో సరిపెట్టుకోలేదు. కొండల్లో, మైదానాల్లో ఏళ్ల తరబడి తిరిగి పరిశీలించారు. 1930లో సిమ్లాలోని ఫ్లవర్‌డేల్‌లో తుప్పు పరిశోధనకు ఒక కేంద్రం ఏర్పడింది. 1940లో వెలువడిన ఆయన గ్రంథం తేల్చిన విషయం ఇది: మన దేశంలో గోధుమకు ఏటా తెగులు అంటించడంలో బార్బెరీకి పాత్ర లేదు. వేసవి చల్లగా ఉండే కొండల్లో వేళ తప్పి వేసిన పైరు మీద, గింజ రాలి తనంతట మొలిచిన మొక్కల మీద శిలీంధ్రం బతికే ఉంటుంది. అక్కడి నుంచి గాలిలో మైదానానికి దిగుతుంది. అలాంటి కొండలు రెండు చోట్ల ఉన్నాయి: ఉత్తరాన హిమాలయాలు, దక్షిణాన నీలగిరి, పళని కొండలు.

పసుపు తుప్పుకు చలి కావాలి. 10–15 డిగ్రీల దగ్గర చురుగ్గా ఉంటుంది కాబట్టి హిమాలయాల నుంచి దిగి పంజాబ్, హర్యానా పాదప్రాంతాల్లో స్థిరపడుతుంది. నల్ల తుప్పుకు వెచ్చదనం కావాలి. అది ప్రధానంగా నీలగిరుల నుంచే బయలుదేరి మధ్య భారతానికి చేరుతుంది. గోధుమ రంగు తుప్పు రెండు వైపుల నుంచీ వస్తుంది.

నీలగిరుల నుంచి నర్మదా లోయకు వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం. నడుమ ఉన్న రాయలసీమ, తెలంగాణల్లో గోధుమ సాగు లేనట్టే. ఉత్తర తెలంగాణలో కొద్దిపాటి విస్తీర్ణం తప్ప అక్కడ శిలీంధ్రం ఆగి పెరగడానికి పైరు లేదు. గోధుమ తుప్పు వరికి సోకదు. కాబట్టి ఆ దారిన పోయే సిద్ధబీజం ఒక్క ఊపులో ఈ దూరాన్ని దాటాలి. ఎలా దాటుతుందో 1970లలో ఎస్. నాగరాజన్, ఆయన సహచరులు వాతావరణ పటాల సాయంతో విప్పి చెప్పారు. బంగాళాఖాతంలో పుట్టిన తుఫాను లేదా వాయుగుండం దక్షిణ తీరం దాటి, మధ్య భారతం మీదికి సాగి అక్కడ బలహీనపడితే, నీలగిరుల మీద లేచిన సిద్ధబీజాలు ఆ గాలుల్లో ఉత్తరానికి పోతాయి. దక్షిణ మధ్య భారతం మీద అధిక పీడనం నిలకడగా ఉన్నా, పశ్చిమ గాలుల కదలిక వల్ల లోతైన అల్పపీడన ద్రోణి దక్షిణం దాకా దిగినా అదే జరగవచ్చు. ఈ మూడింటినీ కలిపి భారత నల్ల తుప్పు సూత్రాలన్నారు. నవంబరులో మన తీరానికి తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు మనం వరి కుప్పల గురించి ఆందోళన పడతాం. అదే తుఫాను దారిని మధ్యప్రదేశ్ గోధుమ శాస్త్రవేత్త మరో కారణంతో గమనిస్తాడు.

ఇందులో వాన చేసే పని ముఖ్యమైనది. గాలిలో తేలే సిద్ధబీజాలు వాటంతట అవి నేలకు దిగడం తక్కువ. తుఫాను వెంట వచ్చిన వాన వాటిని కడిగి పైరు మీద దించుతుంది. ఆ వానే ఆకును తడిపి మొలకెత్తడానికి కావలసిన నీరూ ఇస్తుంది. అందుకే మధ్య భారతంలో వాన నీటిని పట్టి, వడగట్టి, సిద్ధబీజాల కోసం సూక్ష్మదర్శినిలో వెతికేవారు. పైరు మీద పొక్కు కనిపించడానికి ముందే తెగులు వచ్చి చేరిందని తెలుసుకునే దారి అది.

ఆకు మీద పడ్డాక జరిగేది ఇలా ఉంటుంది. ఆకు మీద కొన్ని గంటల పాటు నీటి పొర నిలిస్తే సిద్ధబీజం మొలకెత్తి సన్నని నాళం చాస్తుంది. ఆ నాళం ఆకు ఉపరితలాన్ని తడుముకుంటూ పోయి పత్రరంధ్రం దొరికిన చోట ఉబ్బుతుంది. అక్కడి నుంచి లోపలికి దిగి, కణాల్లో చూషకాలు దించి ఆహారం పీలుస్తుంది. వెచ్చగా ఉంటే వారం పది రోజుల్లో ఆకు పొర చిట్లి కొత్త పొక్కు బయటపడుతుంది. ఒక్కో పొక్కు నుంచి వేల సిద్ధబీజాలు లేస్తాయి. నాలుగైదు చక్రాలు తిరిగితే చేనంతా పోతుంది. 1946–47లో మధ్య భారతంలో వచ్చిన నల్ల తుప్పు సుమారు 20 లక్షల టన్నుల గోధుమను తీసుకుపోయింది.

బూడిద తెగులు నడక దీనికి భిన్నం. దాని సిద్ధబీజానికి నీటి పొర అక్కర్లేదు, గాలిలో తేమ చాలు. పత్రరంధ్రం కోసం వెతకదు, నేరుగా ఆకు పై పొరను పొడుచుకుని లోపలికి పోతుంది. శిలీంధ్రం శరీరం బయటే తెల్లని పొడిలా ఉండి, పై పొర కణాల్లోకి చూషకాలు మాత్రమే పంపుతుంది. ఒత్తుగా పెరిగిన పైరులో, నత్రజని ఎక్కువైన చోట, గాలి ఆడని కింది ఆకుల్లో ఇది ముదురుతుంది.

ఇప్పుడు నిరోధక రకాల సంగతి. పీబీడబ్ల్యూ 343 కథ కన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకదు. మెక్సికోలోని అంతర్జాతీయ గోధుమ కేంద్రం నుంచి వచ్చిన అటిలా వంశం నుంచి పంజాబ్‌లో ఎంపిక చేసి 1995లో విడుదల చేశారు. దానిలో రై నుంచి వచ్చిన క్రోమోజోమ్ ముక్క మీద మూడు తుప్పులకూ మూడు జన్యువులున్నాయి: నల్ల తుప్పుకు ఎస్‌ఆర్ 31, గోధుమ రంగు తుప్పుకు ఎల్‌ఆర్ 26, పసుపు తుప్పుకు వైఆర్ 9. దానికి తోడు వైఆర్ 27 కూడా ఉంది. దిగుబడి బాగుండడంతో అది ఉచ్ఛదశలో సుమారు 70 లక్షల హెక్టార్లలో పరుచుకుంది. హిమాలయ పాదాల నుంచి మైదానం దాకా ఒకే తాళం వేసిన తలుపులన్నమాట. 1996లో 46ఎస్119 అనే పాథోటైప్ వైఆర్ 9ను దాటింది. 2001లో 78ఎస్84 అనేది వైఆర్ 27ను కూడా దాటింది. ఆ తర్వాత 2008–09లోనూ 2010–11లోనూ పసుపు తుప్పు ఉత్తరాన విరుచుకుపడింది. హెచ్‌డీ 2967 లాంటి కొత్త రకాలు ఆ స్థానంలోకి వచ్చాయి. తప్పు ఆ రకానిది కాదు. సిద్ధబీజం దిగే దారి పొడవునా ఒకే జన్యువును పరవడమే దెబ్బతీసింది. కొండ దగ్గర ఒక మార్పు పుడితే చాలు, దానికి అడ్డు చెప్పే పొలం ఎక్కడా లేదు.

మెహతా, నాగరాజన్ చూపిన దారికి ఇక్కడే అసలు విలువ. మూలస్థానమైన కొండల్లో ఒక జన్యువు, చివరి మైదానంలో మరొకటి ఉంటే, నీలగిరిలో పెరగగలిగిన పాథోటైప్ నర్మదా లోయలో పెరగలేదు. కొండ మీద బతకలేనిది అసలు బయలుదేరదు. నీలగిరిలోని వెల్లింగ్టన్ కేంద్రం తుప్పును తట్టుకునే రకాలను కొండ రైతులకు అందించడంలో ఉద్దేశం అక్కడి దిగుబడి ఒక్కటే కాదు, ఉత్తరానికి వెళ్లే సిద్ధబీజాలను పుట్టిన చోటే తగ్గించడం కూడా. కొండల్లో గోధుమ విస్తీర్ణం చాలా చిన్నది. అక్కడ పెట్టిన ఖర్చు మైదానంలో లక్షల హెక్టార్లను కాపాడగలదు. జోన్లవారీగా రకాలు విడుదల చేసేటప్పుడు దిగుబడితో సమానంగా ఈ జన్యు పటాన్నీ చూడాలని నా అభిప్రాయం.

ఒకే జన్యువు మీద ఆధారపడకుండా ఉండడానికి ఇంకో మార్గం నెమ్మదిగా పనిచేసే నిరోధకత. ఎల్‌ఆర్ 34 అనే జన్యువు తెగులును పూర్తిగా ఆపదు. పొక్కులు ఆలస్యంగా, తక్కువగా, చిన్నవిగా వచ్చేట్టు చేస్తుంది. విశేషమేమిటంటే అదే జన్యువు మూడు తుప్పుల మీదా బూడిద తెగులు మీదా పనిచేస్తుంది. 2009లో దాన్ని వేరుచేసి చూస్తే, కణపొర దాటించి పదార్థాలను రవాణా చేసే ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువని తేలింది. దశాబ్దాలుగా వాడుతున్నా దాన్ని పూర్తిగా దాటిన పాథోటైప్ రాలేదు. దానికి గుర్తు పోటాకు కొన ఎండినట్టు ఉండడం. కొత్తగా చూసినవారు దాన్ని పోషక లోపంగా పొరబడతారు. అయితే ఈ జన్యువు ఒంటరిగా చాలదు, తెగులు ఒత్తిడి ఎక్కువైన చోట మరో రెండు మూడు అలాంటి జన్యువులు తోడుండాలి. లేత మొక్కలో దాని ప్రభావం దాదాపు కనిపించదు కాబట్టి తొలి దశలో వచ్చే తెగులుకు అది జవాబు కాదు.

అక్కడ మందు అవసరమవుతుంది. పంజాబ్‌లో పాదప్రాంత జిల్లాల రైతులు డిసెంబరు చివరి నుంచి చేను చుట్టూ తిరిగి చూస్తారు. ఆకు పసుపుగా ఉంటే దాన్ని వేళ్ల మధ్య రుద్దాలి. పసుపు పొడి వేలికి అంటితే తుప్పు, అంటకపోతే నత్రజని లోపమో నీరు నిలిచిన ప్రభావమో. లేత మొక్క ఆకుల మీద గీతలు ఏర్పడవు, పొక్కులు చెదురుగా ఉంటాయి కాబట్టి గీతల కోసం ఎదురుచూస్తే ఆలస్యమవుతుంది. తెగులు మొదట అక్కడక్కడ గుండ్రని మచ్చల్లా కనిపిస్తుంది. ఆ దశలోనే ఆ మచ్చ మీదా దాని చుట్టూ పిచికారీ చేస్తే చేనంతా మందు కొట్టే అవసరం తప్పవచ్చు.

సిఫారసు చేసేది ప్రొపికొనజోల్ 25 ఇసి, 0.1 శాతం ద్రావణం: ఎకరాకు 200 మి.లీ. మందు, 200 లీటర్ల నీరు. 15 లీటర్ల ట్యాంకుకు 15 మి.లీ. పడుతుంది. చాలామంది పొరపాటు చేసేది నీటి దగ్గరే. మందు అంతే వేసి నీళ్లు సగం చేస్తే పైరు అడుగు ఆకులు తడవవు. ఈ మందు ఆకులో పైకే గానీ కిందికి పాకదు. కాబట్టి తడవని అడుగు ఆకు రక్షణ లేకుండా మిగిలి, తెగులు అక్కడి నుంచి మళ్లీ ఎక్కుతుంది. 15 రోజులకు చూసి, తెగులు ఆగకపోతే రెండోసారి కొట్టాలి.

ప్రొపికొనజోల్ శిలీంధ్రం కణపొరకు కావలసిన ఎర్గోస్టెరాల్ తయారీని అడ్డుకుంటుంది. ట్రైఫ్లాక్సీస్ట్రోబిన్ లాంటి స్ట్రోబిలురిన్ మందులు శిలీంధ్రపు శ్వాసక్రియను కొడతాయి. ఈ రెండో వర్గం మందుల విషయంలో తుప్పుకూ బూడిద తెగులుకూ తేడా ఉంది. 1998లో ఉత్తర జర్మనీలో బూడిద తెగులు శిలీంధ్రం స్ట్రోబిలురిన్‌లకు లొంగడం మానేసింది. కారణం సైటోక్రోమ్ బి జన్యువులో 143వ స్థానంలో ఒక్క అమైనో ఆమ్లం మారడం. తుప్పు శిలీంధ్రాల్లో సరిగ్గా ఆ స్థానం వెంటనే ఒక ఇంట్రాన్ ఉంది. అక్కడ ఆ మార్పు వస్తే ఇంట్రాన్‌ను కత్తిరించే పని చెడి శిలీంధ్రమే చస్తుంది. కాబట్టి ఆ దారిలో తుప్పుకు తప్పించుకునే వీలు లేదు. టెబుకొనజోల్, ట్రైఫ్లాక్సీస్ట్రోబిన్ కలిసిన మిశ్రమాన్ని తుప్పు కోసం కొట్టే చేలో బూడిద తెగులూ ఉంటే, ఒకే పిచికారీ తుప్పును అణచి, బూడిద తెగులులో తట్టుకునే జాతిని ఎంపిక చేసి వదలవచ్చు. అందుకే తుప్పు కోసం మిశ్రమ మందు కొట్టే ముందు అడుగు ఆకుల మీద తెల్ల పొడి ఉందేమో చూడాలి. ఉంటే ఆ సీజన్‌లో రెండో పిచికారీకి అదే మిశ్రమం తీసుకోకూడదు.