ఈ వేసవిలో... మీ థియేటర్లో!

1964లో ‘గన్‌ఫైటర్స్ ఆఫ్ కాసా గ్రాండె’ అనే కౌబాయ్ సినిమాకు అమెరికాలో రేడియో ప్రకటనలు తయారవుతున్నాయి. చదవాల్సిన అనౌన్సరు ఆ రోజు రాలేదు. రికార్డింగ్ ఇంజనీరు డాన్ లాఫాంటేన్ తానే మైకు ముందు నిలబడి చదివేశాడు. ఎంజీఎం సంస్థకు అది నచ్చింది. 2008లో చనిపోయేనాటికి ఆయన ఐదు వేలకు పైగా ట్రైలర్లకు గొంతు ఇచ్చాడు. ‘ఒకానొక లోకంలో...’ అని మొదలయ్యే ఆ గంభీర స్వరాన్ని హాలీవుడ్ ప్రేక్షకులు ఇట్టే గుర్తుపడతారు.

పిల్లల సెలవుల్లో వచ్చే కుటుంబ హాస్యచిత్రానికి ఆ ఉరుము పనికిరాదు. అక్కడ పక్కింటి బాబాయి కబురు చెబుతున్నట్టుండాలి. డిస్నీ సినిమాలకు ఏళ్ల తరబడి మాట్లాడిన మార్క్ ఎలియట్‌ది అలాంటి గొంతే.

మాటల సంగతి చూద్దాం. ‘హనీ, ఐ ష్రంక్ ద కిడ్స్’ 1989 జూన్ 23న, అక్కడి బడులకు సెలవులిచ్చే రోజుల్లో విడుదలైంది. ఒక శాస్త్రవేత్త ఇంట్లోని యంత్రం వల్ల నలుగురు పిల్లలు పావు అంగుళానికి కుంచించుకుపోతారు. ఆయనే తెలియక వాళ్లను చెత్తతోపాటు ఊడ్చి బయట పడేస్తాడు. వాళ్లు పెరడు దాటి ఇల్లు చేరాలి. దీనికి మనమే వ్యాఖ్యానం రాద్దాం.

“నాన్న ఒక యంత్రం చేశాడు. అది పనిచేయదనుకున్నాడు.” ఇక్కడ గొంతు ఆగాలి. పిల్లలు కుంచించుకుపోవడం బొమ్మలో కనిపించాలి. “ఇప్పుడు వాళ్లు ఇల్లు చేరాలంటే... పెరడు దాటితే చాలు.” మళ్లీ మౌనం. తాటిచెట్లంత గడ్డిపోచలు తెర నిండా లేస్తాయి, హాలు నవ్వుతుంది.

ఆ రెండో మాటను “అడవిలా మారిన పెరట్లో అల్లరే అల్లరి” అని రాస్తే? బొమ్మ చెప్పాల్సిన జోకు గొంతే చెప్పేసినట్టు. చాలా ట్రైలర్లు చెడేది ఇక్కడే. దీన్ని పట్టుకోవడం సులువు. కళ్లు మూసుకుని వినండి. బొమ్మ చూడకుండానే జోకు అర్థమైపోతే ఆ మాట కొట్టేయాలి. చదివేవాడు తాను నవ్వుతూ చదివినా అంతే నష్టం.

చివరి మాటకు మాత్రం మెలికలు వద్దు. నెలల ముందు ‘ఈ వేసవిలో’, దగ్గరపడ్డాక తేదీ, విడుదలయ్యాక ‘మీ థియేటర్లలో’. మన ఊళ్లలో రిక్షా మైకు ‘నేడే చూడండి’ అన్నదీ ఈ పనికే.

2000 తర్వాత హాలీవుడ్ ట్రైలర్లలో వ్యాఖ్యానం బాగా తగ్గి, తెరమీది అక్షరాలు, పాత్రల సంభాషణలు ఆ చోటు తీసుకున్నాయి. యాక్షన్ సినిమాకు అది చెల్లుతుంది. కుటుంబ హాస్యచిత్రానికి మాత్రం అది పొరపాటని నా అభిప్రాయం. సినిమాకు తీసుకెళ్లమని ఇంట్లో పేచీ పెట్టే ఐదేళ్ల పిల్లకు తెరమీది అక్షరాలు చదవడం ఇంకా రాదు.