బ్యాటరీ సామర్థ్యం, కారు రేంజి

విద్యుత్ కారు బ్యాటరీలో పట్టే శక్తిని కిలోవాట్-అవర్లలో కొలుస్తారు. ఇంటి కరెంటు బిల్లులో కనిపించే యూనిట్ కూడా ఇదే. ఈ అంకె ఒక్కటే కారు ఎంత దూరం వెళ్తుందో చెప్పదు. కిలోమీటరుకు ఎంత శక్తి ఖర్చవుతుందో కూడా తెలియాలి.

2020లో వచ్చిన టాటా నెక్సాన్ ఈవీ బ్యాటరీ 30.2 యూనిట్లది. ధ్రువీకరణ పరీక్షలో దాని రేంజి 312 కిలోమీటర్లు. అంటే కిలోమీటరుకు సుమారు 97 వాట్-అవర్లు. ఆ పరీక్ష ప్రయోగశాలలో, తక్కువ సగటు వేగంతో జరుగుతుంది. హైవే మీద లెక్క మారిపోతుంది. గాలి నిరోధం వేగపు వర్గంతో పెరుగుతుంది కాబట్టి గంటకు 80 నుంచి 100 కిలోమీటర్లకు చేరితే అది ఒకటిన్నర రెట్లు దాటుతుంది. ఖర్చు కిలోమీటరుకు 160 వాట్-అవర్లకు చేరిందనుకుంటే, బ్యాటరీ మొత్తం వాడినా వచ్చేది 189 కిలోమీటర్లే. హైదరాబాద్ నుంచి విజయవాడకు దాదాపు 270 కిలోమీటర్లు కాబట్టి సూర్యాపేట దగ్గర చార్జింగు పెట్టుకోవడమే మంచిది.

నగరంలో తీరు వేరు. బ్రేకు వేసినప్పుడు మోటారు కొంత శక్తిని తిరిగి బ్యాటరీకి పంపుతుంది. కానీ ఏసీ ఖర్చు గంటల లెక్కన సాగుతుంది గనుక, ట్రాఫిక్‌లో నిలిచిన ప్రతి నిమిషమూ రేంజిని తింటుంది.

కొనేవారు ప్రకటనలోని రేంజిని కాక, డ్యాష్‌బోర్డులో కిలోమీటరుకు వాట్-అవర్లలో తమ సగటు ఖర్చును చూడాలి. వాడదగిన యూనిట్లను 1000తో గుణించి ఆ అంకెతో భాగిస్తే తమ అసలు రేంజి వస్తుంది.