మేకర్–చెకర్ పద్ధతి

అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో చెల్లింపు వోచర్‌ను ఒకరు నమోదు చేస్తే, మరొకరు ఆమోదించాకే డబ్బు కదిలేలా చేసే కట్టడి ఇది. మన బ్యాంకుల్లో మొదటివారిని మేకర్, రెండోవారిని చెకర్ అంటారు. ఒకే ఉద్యోగికి రెండు హక్కులూ ఉండవచ్చు. కాబట్టి ఆమోదించే క్షణంలో, ఆ వోచర్‌ను నమోదు చేసిందీ అదే యూజర్ ఐడీయా అని సాఫ్ట్‌వేర్ సరిచూసి, అయితే అడ్డుకోవాలి.

ఆమోదం తర్వాతి దిద్దుబాట్లే పెద్ద లొసుగు. రూ.48,000 వోచర్‌కు ఆమోదం పడ్డాక మేకర్ సరఫరాదారు ఖాతా నంబరు మార్చగలిగితే, చెకర్ చూసిన ఖాతా ఒకటి, డబ్బు చేరేది మరొకటి. అందుకే మొత్తం గానీ ఖాతా గానీ మారితే పాత ఆమోదం రద్దు కావాలి. చెకర్ పాస్‌వర్డ్ మేకర్‌కు తెలిస్తే మాత్రం ఈ కట్టడి ఉత్తదే. ఒకే కంప్యూటర్ నుంచి రెండు ఐడీలూ నిమిషం తేడాతో లాగిన్ అయినట్టు ఆడిట్ లాగ్‌లో పదేపదే కనిపిస్తే అనుమానించాల్సిందే.